రసీదులో లేని అంకె

బంగారం అప్పు రసీదు మీద అసలు ఉంటుంది, వడ్డీ రేటు ఉంటుంది, గడువు ఉంటుంది. నగలు విడిపించుకోవాలంటే ఇవాళ ఎంత కట్టాలి అనే అంకె మాత్రం ఉండదు. రసీదు తీసి చూసే మనిషికి కావలసింది సరిగ్గా ఆ అంకే. పావగడ దగ్గరి ఊళ్లో తల్లి ఫోన్లో రసీదును ఫొటో తీసి బెంగళూరులో ఉన్న కొడుక్కి పంపి, ఎంత కడితే వస్తాయో చూడమంటుంది. కొడుకు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, అన్నిటికన్నా లావుగా కనిపించిన అంకె చదివి చెబుతాడు. అది అసలు కావచ్చు. నగల విలువ కూడా కావచ్చు. అడిగిన దానికి జవాబు మాత్రం కాదు. అప్పు పుట్టిన రోజున అచ్చయిన కాగితానికి, అది తీరే రోజు ఎలా తెలుస్తుంది? విడుదల మొత్తం రోజూ పెరుగుతుంది, మధ్యలో కట్టినప్పుడల్లా తగ్గుతుంది. కాగితం మాత్రం మొదటి రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కాబట్టి రసీదు చదవడమంటే, కనిపించే మూడు సంగతుల నుంచి కనిపించని నాలుగోదాన్ని కట్టడమే.

పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా. మూడు వైపులా ఆంధ్ర ఊళ్లే. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం, అప్పు రసీదు చాలావరకు ఇంగ్లీషు. కన్నడ లిపి తెలుగువారికి పెద్ద అడ్డంకి కాదు. అసలు అక్కడా అసలే, బడ్డి అంటే వడ్డీ, అవధి అంటే గడువు, హరాజు అంటే వేలం. చదవలేకపోవడం మొదలయ్యేది ఇంగ్లీషు పొట్టి అక్షరాల దగ్గర, అంతకన్నా ఎక్కువగా రసీదు వెనకవైపు సన్నచ్చు దగ్గర. వాన మీద బతికే చెనిక్కాయ సేద్యం ఇక్కడిది. విత్తేటప్పుడు చేతిలో డబ్బు ఉండదు, పంట అమ్మితేగాని రాదు. జూన్, జులై నెలల్లో బీరువాలోంచి బయటికొచ్చిన గొలుసు నవంబరు, డిసెంబరు దాకా లాకర్లో ఉంటుంది. అంటే లెక్క నాలుగైదు నెలలది. వానలు ఎగ్గొట్టిన ఏడాది అదే లెక్క మరుసటి ఏటికి పోతుంది. నాలుగైదు నెలలంటే చిన్న కాలంలాగే తోస్తుంది. వడ్డీ నిబంధనలు మలుపు తిరిగేది మాత్రం ఆ కాలంలోనే.

ముందు ఫొటో సంగతి. రసీదును నాలుగు మడతలు పెట్టి పసుపు డబ్బాలోనో పర్సులోనో దాస్తారు. మడత పడిన చోట సిరా చెరిగిపోతుంది, ఆ మడత ఒక్కోసారి సరిగ్గా అంకెల మీదుగా పోతుంది. అప్పుడు 3 ఏదో 8 ఏదో తెలియదు, 1 కూడా 7లా కనిపిస్తుంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి సన్నచ్చు ఇంకా మసకబారుతుంది. దాన్నే డాక్యుమెంటుగా పంపితే అచ్చు అచ్చులాగే వస్తుంది. అంకె మీద అనుమానం వచ్చినప్పుడు ఊహించకుండా తేల్చుకునే దారి రసీదులోనే ఉంటుంది. అప్పు మొత్తాన్ని అంకెల్లోనే కాక అక్షరాల్లోనూ రాస్తారు. రెండూ కలిస్తేనే ఆ అంకెను నమ్మాలి. బరువు దగ్గర ఇంకో చిక్కు ఉంది. గ్రాములకు మూడు దశాంశాలు వేస్తారు కాబట్టి 32.500లో చుక్క కనబడకపోతే అది ముప్పైరెండు వేల ఐదు వందల రూపాయలై కూర్చుంటుంది. వీటన్నిటికన్నా పెద్ద పొరపాటు మసకది కాదు, అసలు తీయనిది. ఫొటో ఎప్పుడూ ముందువైపుదే వస్తుంది. రేటు ఎప్పుడు ఎలా మారుతుందో ఉండేది వెనకవైపు.

మాటను చేతికి అందేలా చేయడానికి ఒక రసీదును ఊహించుకోవచ్చు. తేదీ 10-07-2025. ఒక గొలుసు, రెండు గాజులు, ఒక జత కమ్మలు. మొత్తం బరువు 34.600 గ్రాములు. రాళ్లు, లక్క, మైనం కింద తీసేసింది 2.100 గ్రాములు. నికర బరువు 32.500. గ్రాము తొమ్మిది వేల లెక్కన విలువ 2,92,500. అప్పు 1,50,000. గడువు పన్నెండు నెలలు. ఇందులో రూపాయల అంకెలు రెండున్నాయి, మసక ఫొటోలో పెద్దదే ముందు కంటబడుతుంది. విలువ అనేది నగకు కట్టిన ధర, అప్పు కాదు. అప్పు ఎప్పుడూ విలువకన్నా తక్కువే ఉంటుంది. కాబట్టి రెండు అంకెల మధ్య సందేహమొస్తే చిన్నదే అసలు. అక్కడితో అయిపోయిందా అంటే కాదు. ప్రాసెసింగ్ ఖర్చు, మదింపుదారు రుసుము, వాటి మీద జీఎస్‌టీ పట్టుకుని మిగిలింది ఇస్తే చేతికి లక్షన్నర కన్నా కాస్త తక్కువే వస్తుంది. అసలు ఇంతేనని ఇంట్లో గుర్తుండేది చేతికొచ్చిన డబ్బు. వడ్డీ నడిచేది మాత్రం రసీదు మీది లక్షన్నర మీద. వడ్డీకి జీఎస్‌టీ లేదు, రుసుములకే ఉంది. ఆ తేడా తెలిస్తే చివరి లెక్కలో ఏ వరసను నిలదీయాలో తెలుస్తుంది.

అసలు అనే పేరుతో ఉన్న అంకె నిజంగా అసలేనా అని కూడా ఒకసారి అడగాలి. నిరుడు తీరని అప్పును ఈ ఏడు కొత్త రసీదుగా మార్చి ఉంటే, పాత వడ్డీ కూడా కొత్త అసలులో చేరి ఉండవచ్చు. కొత్త తేదీ, కొత్త నంబరు, కొత్త కాగితం, చేతికి మాత్రం పైసా వచ్చి ఉండదు. ఆ రసీదు ఒక్కటే చూస్తే ఏమీ పసిగట్టలేం. నగల జాబితా, బరువు నిరుటివే, అప్పు మాత్రం పెరిగిందంటే అక్కడ వడ్డీ అసలుగా వేషం మార్చిందన్న మాట. ధర పెరిగినందువల్ల అదే నగ మీద అదనంగా డబ్బు తీసుకుని ఉంటే అది వేరే సంగతి. అలా తీసుకున్నట్టు ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుండి తీరుతుంది. అందుకే పాత రసీదును చింపెయ్యకూడదు.

వడ్డీ దగ్గరికొస్తే ఊరి లెక్క వేరు, కాగితం లెక్క వేరు. ఊళ్లో నూటికి నెలకు రూపాయిన్నర అంటారు. కాగితం ఏడాదికి 18 శాతం అంటుంది. రెండూ ఒకటే. నెల రేటును పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాది రేటు, రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. చిక్కంతా అంకె పక్కన నెలకా ఏడాదికా అన్న మాట చెరిగిపోయినప్పుడే. 1.50 అని మాత్రమే కనిపిస్తే అది నెలదే, ఎందుకంటే ఏడాదికి ఒకటిన్నర శాతానికి బంగారం మీద అప్పిచ్చేవాళ్లెవరూ లేరు. 12 కనిపిస్తే ఏడాదిదే. లెక్క కట్టే సూత్రం ఒక్కటే. అసలును రేటుతో, రోజులతో హెచ్చవేసి 36,500తో భాగిస్తే వడ్డీ వస్తుంది. ఊహించిన రసీదుకు 18 శాతమే రేటనుకుని, నగలు 10-12-2025న విడిపిస్తున్నారనుకుంటే, మధ్యలో రోజులు 153. వడ్డీ 11,318 రూపాయలు. ఇంట్లో అవ్వ వేళ్ల మీద వేసే లెక్కలో నెలకు 2,250, ఐదు నెలలకు 11,250. తేడా 68 రూపాయలు, అది నెలలన్నీ సమానమే అనుకున్నందువల్ల వచ్చింది. అవ్వ లెక్క తప్పని ఎవరనగలరు? కౌంటరు దగ్గర చెప్పిన మొత్తం ఆ నోటి లెక్కకు వందల్లో కాక వేలల్లో తేడా చూపిస్తే, రేటు అనుకున్నది కాదని వెంటనే తెలిసిపోతుంది. నోటి లెక్కకున్న ఉపయోగం అదే.

వేలల్లో తేడా ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు రసీదు వెనక నుంచి. ప్రైవేటు బంగారు అప్పుల కంపెనీల పథకాల్లో మెట్ల వడ్డీ మామూలే. ముందువైపు 12 శాతం అని ఉంటుంది. వెనక సన్నచ్చులో, వడ్డీ ముప్పై రోజుల్లో కడితేనే 12, తొంభై రోజుల దాకా 18, అది దాటితే 24 అని ఉంటుంది. ఇంకొందరు దీన్నే తిరగేసి రాస్తారు. రేటు 24 శాతమే, సకాలంలో కట్టినవారికి ఇంత తగ్గింపు అని. చదవడానికి అది శిక్షలాగా, ఇది దయలాగా ఉంటుంది, జేబుకు మాత్రం రెండూ ఒకటే. అదే లక్షన్నర, అవే 153 రోజులు, మధ్యలో ఒక్క పైసా కట్టలేదనుకోవాలి. 12 శాతాన్ని నమ్ముకున్న కుటుంబం 7,545 రూపాయల వడ్డీ సిద్ధం చేసుకుంటుంది. మెట్టు మెట్టుకూ ఆ మెట్టు రేటే వేస్తే, మొదటి ముప్పై రోజులకు 1,479, తరవాతి అరవై రోజులకు 4,438, చివరి అరవై మూడు రోజులకు 6,214 చొప్పున మొత్తం 12,131 దాకా అవుతుంది. అలాకాక, తొంభై రోజులు దాటగానే మొదటి రోజు నుంచీ 24 శాతం పడుతుందని షరతు ఉంటే 15,090. నమ్మినదానికి రెట్టింపు. నగ అదే, కాగితం అదే, రోజులు అవే, వడ్డీ అంకెలు మాత్రం మూడు. పెరిగిన రేటు మొదటి రోజు నుంచా, మెట్టు దాటిన రోజు నుంచా అన్న ఒక్క ప్రశ్న విలువ ఇక్కడ దాదాపు మూడు వేల రూపాయలు. వెనకవైపు ఫొటో లేకుండా ఈ ప్రశ్నకు జవాబు ఊహించడమంటే మూడు వేలతో పందెం కాసినట్టే. ఇలాంటి పథకంలో నెలనెలా వడ్డీ మటుకు కట్టుకుంటూ పోతే రేటు కింది మెట్టు మీదే నిలుస్తుంది. ఆ వడ్డీని పంట వచ్చాక ఒకేసారి కడదామనుకునేవారికే పథకం బరువవుతుంది. చెనిక్కాయ రైతుకు డబ్బు నెలనెలా రాదని పథకం రాసినవారికి తెలియదా? తెలియకపోవడానికి వీల్లేదు.

గడువు చదవడం సులువే. పన్నెండు నెలలని ఉంటే ఆఖరు తేదీ కూడా పక్కనే ఉంటుంది. తేదీలో మొదటిది రోజు, రెండోది నెల అని గుర్తుంటే చాలు. గడువంటే ఏమిటన్నదే తరచూ తారుమారవుతుంది. గడువు దాకా నగ భద్రమే కదా, మరి వడ్డీ ఎందుకు పెరిగింది అని అడుగుతారు. వడ్డీ మెట్లకూ గడువుకూ సంబంధం లేదు. మెట్టు తొంభయ్యో రోజున మారుతుంది, గడువు ఏడాదికి ముగుస్తుంది. గడువు దాటితే నోటీసు, ఆపైన వేలం. అసలూ వడ్డీ ఆఖర్న ఒకేసారి కట్టే పద్ధతిలో, సొంత ఖర్చులకిచ్చే అప్పులకు పన్నెండు నెలలు మించిన గడువు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అందుకే రసీదుల మీద పన్నెండు అన్న అంకె అంతగా కనిపిస్తుంది. గడువుకు ముందే విడిపించుకోవచ్చు. కొన్నిచోట్ల కనీసం ఇన్ని రోజుల వడ్డీ అని పెడతారు. మూడు రోజుల్లో విడిపించినా వారానికో పదిహేను రోజులకో కట్టాల్సి వస్తుంది. అదీ వెనకవైపు సంగతే.

ఇక నాలుగో అంకె. కట్టాల్సిన అసలు, విడిపించే రోజు దాకా వడ్డీ, గడువు తప్పి ఉంటే జరిమానా, నోటీసు లాంటి ఖర్చులు, ఇవన్నీ కూడితే వస్తుంది. మధ్యలో కట్టిన డబ్బు దగ్గరే ఇంట్లో తగువులు మొదలవుతాయి. ముందు ఊహించిన రసీదునే 18 శాతం లెక్కన చూస్తే, అక్టోబరు 10న పదివేలు కట్టారనుకోవాలి. అసలు లక్షా నలభై వేలకు దిగిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఆఫీసు పుస్తకంలో అలా ఉండదు. ఆ రోజుకు 92 రోజుల వడ్డీ 6,805 ముందు తీసుకుని, మిగిలిన 3,195 మాత్రమే అసలులో తగ్గిస్తారు. అసలు 1,46,805 దగ్గర నిలుస్తుంది. అక్కడి నుంచి డిసెంబరు 10 దాకా 61 రోజుల వడ్డీ 4,416. విడుదల మొత్తం 1,51,221. లక్షా నలభై వేల మీద అరవయ్యొక్క రోజుల వడ్డీ కలుపుకుని వెళ్లిన మనిషి చేతిలో 1,44,211 ఉంటుంది. ఏడు వేలు చాలక, బస్సు ఖర్చు దండగై, నగ లేకుండా వెనక్కి వస్తాడు. ఇందులో మోసం లేదు. రసీదు ఫొటోలో ఆ పదివేల జాడే లేదు. దానికి వేరే చీటీ ఇచ్చి ఉంటారు, దాని మీద వడ్డీ కింద ఎంత, అసలు కింద ఎంత అని విడివిడిగా రాసే ఉంటుంది. లెక్క కట్టాలంటే అప్పు రసీదుతో పాటు ఆ కట్టుబడి చీటీలన్నీ కావాలి.

జరిమానా మీద ఒక మాట. 2024 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, ఆలస్యానికి వేసేదాన్ని అదనపు వడ్డీగా రేటుకు కలపకూడదు. విడిగా రుసుముగానే చూపాలి, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. ముందే ఒప్పుకున్న వడ్డీని నెలనెలా అసలులో కలిపి చక్రవడ్డీ వేసే ఒప్పందాలు వేరు, అవి ఉన్నాయి. అలాంటిచోట పైన చెప్పిన సూత్రం కొంత తక్కువ చూపిస్తుంది. ఇంట్లో వేసిన లెక్కకూ కౌంటరు లెక్కకూ తేడా డెబ్బై, ఎనభై రూపాయలైతే అది ఒక రోజు అటూ ఇటూ లెక్కపెట్టడంలో వచ్చింది. 18 శాతానికి లక్షన్నర మీద ఒక రోజు వడ్డీ 74 రూపాయలు. తేడా వందల్లో ఉంటే చక్రవడ్డీనో రుసుమో అని చూడాలి. వేలల్లో ఉంటే మెట్ల వడ్డీ, లేదా అసలులోకి పోని కట్టుబడి. తేడా ఎంతుందో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

ఇదంతా అచ్చు రసీదు సంగతి. సేటు అంగడి చీటీ దగ్గర ఈ పద్ధతి సాగదు. కర్ణాటకలో 1961 నాటి కుదువ వ్యాపారుల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, కుదువ చీటీ ఇవ్వాలి. చేతికొచ్చే చీటీ మీద పేరు, నగ, బరువు, ఇచ్చిన డబ్బు ఉండి, వడ్డీ మాత్రం నోటిమాటగానే మిగిలి ఉంటే, ఎంత మంచి ఫొటో తీసినా అందులో లేని రేటు రాదు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, రేటును అదే చీటీ మీద రాయించుకోవడం, అదీ డబ్బు చేతిలో పడేముందు.

బ్యాంకులకూ కంపెనీలకూ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలిచ్చింది, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయమంది. అప్పు పూర్తిగా తీరాక నగను ఎక్కువలో ఎక్కువ ఏడు పనిదినాల్లో తిరిగివ్వాలి. తప్పు సంస్థదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. షరతులు చెప్పే ఉత్తరాలూ కాగితాలూ ప్రాంతీయ భాషలోగాని, అప్పు తీసుకున్నవారు ఎంచుకున్న భాషలోగాని ఉండాలి. చదువురానివారికైతే ముఖ్యమైన షరతులను సంస్థకు చెందని సాక్షి ఎదుట వివరించాలి. పావగడలో ఉన్నా సరే, రసీదు వెనకవైపు ఏముందో తెలుగులో ఇమ్మని అడగవచ్చు. సంతకం పెట్టేముందే అడగండి, ఇచ్చిన కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీసి పంపండి.